రాత్రి పాలిచ్చేటప్పుడు 58, తెల్లవారితే 240: టైప్ 1 బాలింత షుగర్ లెక్క

ప్రశ్న: "మాది రాజాం దగ్గర పల్లె. నాకు 27 ఏళ్ళు, పదిహేనో ఏట నుంచి టైప్ 1 షుగర్. పురుడు పుట్టింట్లోనే పోసుకున్నాను. బాబుకి ఐదు వారాలు, పూర్తిగా నా పాలే. 30/70 ఇన్సులిన్ గర్భానికి ముందు పొద్దున 18, రాత్రి 12 యూనిట్లు, ఇప్పుడూ అంతే. మొన్న రాత్రి రెండున్నరకు పాలిస్తుంటే చెమటలు పట్టి చేతులు వణికాయి, చూస్తే 58. కాయం ఉండ, నాలుగు చెంచాల గ్లూకోజ్, బిస్కెట్లు తిన్నాను. తెల్లారి 240. మూడు రోజులు అలాగే వచ్చిందని రాత్రి డోసు 14 చేశాను. ఇప్పుడు ఇంకా ఎక్కువగా పడిపోతోంది. పథ్యమని రాత్రి ఏడింటికే అన్నం పెట్టేస్తారు. పాలు మాన్పించమంటున్నారు. రాత్రిపూట ఏం తినాలి?"

సమాధానం:

అమ్మా, పాలు మాన్పించవలసిన అవసరం లేదు. అయితే మీరు అడిగిన తిండి సంగతి కంటే ముందు సరిచేయవలసింది రాత్రి ఇన్సులిన్ డోసు. 12 యూనిట్ల మీదనే 58కి పడిపోయిన మనిషికి 14 యూనిట్లు ప్రమాదం. ఈ రోజే మీ డాక్టరుకు ఫోన్ చేసి, 58 ఎన్ని గంటలకు వచ్చిందో, అప్పుడు ఏం తిన్నారో, తెల్లవారి ఎంత వచ్చిందో వరుసగా చెప్పండి. కారణం లేకుండా రాత్రిపూట షుగర్ 70 కంటే తగ్గితే ఆ పూట డోసును సాధారణంగా పదో వంతు నుంచి ఐదో వంతు వరకు తగ్గిస్తారు. మీ విషయంలో అది 12 నుంచి 10కి రావడం. డాక్టరు దొరకడం ఆలస్యమైతే ఈ రాత్రికి 14 మాత్రం వేసుకోవద్దు, 12 దాటవద్దు, కింద చెప్పిన వేళల్లో తప్పక పరీక్ష చేసుకోండి. టైప్ 1 కాబట్టి ఇన్సులిన్‌ను పూర్తిగా మానేయడం మాత్రం ఎన్నడూ చేయకూడదు.

గర్భానికి ముందు సరిపోయిన 12 యూనిట్లు ఇప్పుడు ఎందుకు ఎక్కువయ్యాయన్నది మీకు సహజంగా వచ్చే సందేహం. గర్భంలో మాయ తయారుచేసే హార్మోన్లు ఇన్సులిన్ పనికి అడ్డం పడతాయి, అందుకే చివరి నెలల్లో డోసులు బాగా పెరుగుతాయి. మాయ బయటకు రాగానే ఆ అడ్డు గంటల్లోనే తొలగిపోతుంది. అందుచేత కాన్పయ్యాక డోసును గర్భానికి ముందున్న అంకెకు దించుతారు. కానీ గర్భానికి ముందు మీరు పాలిచ్చే తల్లి కారు. అక్కడే లెక్క తప్పుతోంది.

తల్లిపాలలో ప్రతి 100 మిల్లీలీటర్లకు సుమారు 7 గ్రాముల లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. పూర్తిగా తల్లిపాలే తాగే బిడ్డ రోజుకు 700 నుంచి 800 మిల్లీలీటర్లు తాగుతాడనుకుంటే, రోజుకు 50 గ్రాములకు పైగా చక్కెర మీ రక్తంలో నుంచి పాలలోకి వెళుతోందన్నమాట. ఇంత చక్కెరను రొమ్ములోని పాల గ్రంథులు ఇన్సులిన్ సాయం లేకుండానే లోపలికి తీసుకోగలవు. మీ కండరాలు చక్కెరను తీసుకోవాలంటే ఇన్సులిన్ తలుపు తీయాలి, పాల గ్రంథికి మాత్రం ఆ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అంటే మీరు వేసుకున్న ఇన్సులిన్ చేసే పనికి తోడు, ఇన్సులిన్‌తో నిమిత్తం లేని ఇంకో పని కూడా రక్తంలోని షుగర్‌ను తగ్గిస్తోంది. అందుకే పాలిచ్చే టైప్ 1 తల్లులలో చాలామందికి గర్భానికి ముందు డోసు కంటే కూడా తక్కువే సరిపోతుంది.

ఇలా చెబితే కొందరు 'అయితే పాలే షుగర్‌ను పడగొడుతున్నాయి' అని బాబును తప్పుపడతారు, అది సరికాదు. బాబు ఒకసారి తాగే పాలలో చక్కెర సుమారు ఒకటిన్నర చెంచాలకు సమానం. షుగర్ వ్యాధి లేని తల్లికీ అంతే పోతుంది, కానీ ఆమె శరీరం వెంటనే ఇన్సులిన్‌ను తగ్గించుకుంటుంది, కాలేయం దాచిన చక్కెరను రక్తంలోకి వదులుతుంది. మీ విషయంలో చర్మం కింద ఇన్సులిన్ అప్పటికే పడి ఉంది, దానిని వెనక్కు తీసుకోలేము. పైగా అది పనిచేస్తున్నంతసేపూ కాలేయాన్ని చక్కెర వదలనివ్వదు. ఒక సమయంలో మనిషి రక్తం మొత్తంలో తిరిగే చక్కెర 5 గ్రాముల ప్రాంతంలోనే ఉంటుంది కాబట్టి, కాలేయం చేయి కట్టేసి ఉన్న వేళ ఆ ఒకటిన్నర చెంచాలు చిన్న సంగతి కాదు.

ఇక మీ రాత్రిని గంటల వారీగా చూద్దాం. ఏడింటికి అన్నమంటే ఆరున్నరకు ఇంజక్షన్ వేసుకుంటున్నారనుకుంటున్నాను. 30/70 సీసాలో ఉన్నవి రెండు రకాలు. 30 వంతులు త్వరగా పనిచేసి అన్నానికి సరిపోతాయి. మిగతా 70 వంతులు, అంటే సీసాలో తెల్లగా మబ్బులా కనిపించేది, నిదానంగా మొదలై వేసుకున్న 4 గంటల నుంచి 10 గంటల మధ్య గట్టిగా పనిచేస్తుంది. అంటే మీకు రాత్రి పదిన్నర నుంచి తెల్లవారుజామున నాలుగున్నర వరకు. బాబు 11కి, మళ్ళీ రెండున్నరకు పాలు తాగుతాడనుకుంటే, ఆ రెండు వేళలూ సరిగ్గా ఈ మధ్యలోనే పడుతున్నాయి. ఏడింటికి తిన్న అన్నం పదకొండయ్యేసరికే అరిగిపోయి ఉంటుంది. ఇన్సులిన్ ఉచ్చస్థితిలో ఉంది, కడుపు ఖాళీగా ఉంది, బిడ్డ పాలు తాగుతున్నాడు. ఈ మూడూ ఒకే వేళకు కలిసిపోవడమే మీ 58కి కారణం.

తెల్లవారి 240 ఎలా వచ్చిందో కూడా మీ మాటల్లోనే ఉంది. లో షుగర్ నుంచి తేరుకోవడానికి కావలసినది 15 గ్రాముల చక్కెర మాత్రమే. అది సాధారణంగా షుగర్‌ను సుమారు 50 నుంచి 70 వరకు పెంచుతుంది. మీరు తిన్న నాలుగు చెంచాల గ్లూకోజ్‌లోనే ఇంచుమించు 20 గ్రాములు ఉన్నాయి. కాయం ఉండలో బెల్లం మరో 15, ఐదారు బిస్కెట్లలో 25 వేసుకున్నా మొత్తం 60 గ్రాములు, అంటే కావలసినదానికి నాలుగింతలు. 58కి దాదాపు 200 కలిపితే మీ 240 దగ్గరకే వస్తుంది. కాబట్టి తెల్లవారి పెరిగిన షుగర్ రాత్రి ఇన్సులిన్ చాలక వచ్చినది కాదు, రాత్రి ఇన్సులిన్ ఎక్కువై పడిపోయినందుకు కంగారుగా తిన్నదాని ఫలితం. దానిని చూసి డోసు పెంచితే మరుసటి రాత్రి ఇంకా లోతుగా పడుతుంది, ఇంకా ఎక్కువ తింటారు, తెల్లవారి ఇంకా పెరుగుతుంది. పరగడుపు అంకె ఒక్కటే చూసి రాత్రి డోసు పెంచే అలవాటు మా వృత్తిలోనూ ఉంది కనుక మిమ్మల్ని ఒక్కరినే తప్పు పట్టను.

కాయం గురించి ఒక మాట. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, వాటికి బెల్లం, నెయ్యి చేర్చి ఉండ కడతారు కదా. నెయ్యి ఉన్న తీపి కడుపులోంచి నిదానంగా దిగుతుంది. వణుకుతున్న మనిషి కాయం తిని ఐదు నిమిషాలైనా తేరుకోక ఇంకేదో తింటుంది, ఆ తరువాత అన్నీ కలిసి ఒకేసారి రక్తంలోకి వస్తాయి. పొద్దుటి పూట పథ్యంగా చిన్న ఉండ తింటే అందులోని బెల్లాన్ని లెక్కలో వేసుకోవచ్చు కానీ, లో షుగర్‌కు అది మందు కాదు. ఇంకో సంగతి కూడా గమనించాను. కాయం, బెల్లం ముట్టుకున్న వేలిని కడగకుండా గుచ్చి పరీక్ష చేస్తే, వేలికి అంటిన తీపి వల్ల మీటరు లేని షుగర్ చూపిస్తుంది. ఒకామెకు 310 వచ్చిందని ఫోన్ చేస్తే, సబ్బుతో చేతులు కడిగి తుడుచుకుని మళ్ళీ చూడమన్నాను. 164 వచ్చింది.

అందుచేత ముందుగా మూడు రాత్రులు ఒక కాగితం మీద రాయండి. పడుకునే ముందు, 11 గంటల పాలకు ముందు, రెండున్నర పాలకు ముందు, ఆ పాలు అయిన గంటకు, పరగడుపున షుగర్ ఎంతో రాయాలి. స్ట్రిప్పులు ఖర్చవుతాయన్నది నిజమే కానీ ఈ మూడు రాత్రుల కాగితం లేకుండా ఏ డాక్టరయినా డోసును ఊహ మీదే మారుస్తారు. ఆ కాగితం చూసి డోసు తగ్గించడమే కాక, వారు ఇంకో మార్పు కూడా ఆలోచించవచ్చు. రాత్రి 30/70కి బదులు భోజనానికి ముందు త్వరగా పనిచేసే ఇన్సులిన్ మాత్రమే ఇచ్చి, నిదానంగా పనిచేసేదాన్ని పడుకునేటప్పుడు విడిగా ఇస్తే దాని ఉచ్చస్థితి తెల్లవారుజాముకు జరుగుతుంది. లేదా రోజంతా ఒకే తీరుగా పనిచేసే గ్లార్జిన్ వంటిదానికి మారుస్తారు. 30/70తో ఇబ్బంది ఏమిటంటే రెండు రకాలూ ఒకే సీసాలో ఉండటం వల్ల ఒకదానిని కదిలించకుండా రెండోదానిని తగ్గించలేము. ఆ సీసాను వేసుకునే ముందు ప్రతిసారీ రెండు అరచేతుల మధ్య నెమ్మదిగా పదిసార్లు దొర్లించి, తెలుపు అంతా సమంగా కలిసిందో లేదో చూడడం కూడా మరవకండి. సరిగా కలవకపోతే ఒక రాత్రి ఒకలా, ఇంకో రాత్రి ఇంకోలా పనిచేస్తుంది.

ఇక తిండి. పథ్యం పేరుతో ఏడింటికి వెల్లుల్లి కారంతో అన్నం పెట్టి, ఆ తరువాత తెల్లవారే వరకు ఏమీ ఇవ్వకపోవడం మన ఉత్తరాంధ్ర పల్లెల్లో చాలా ఇళ్ళల్లో ఉన్నదే. విజయనగరంలో షుగర్ రోగులకు తిండి, ఇన్సులిన్ గురించి చెప్పే పనిలో చేరిన కొత్తల్లో నేను ఈ సంగతి అడిగేదాన్నే కాదు. కడుపు నిండా తినమని, తరువాత పాలిమ్మని చెప్పి పంపేసేదాన్ని. ఒక బాలింత నేను రాసిచ్చిన డోసు కాగితం పట్టుకునే 46తో తిరిగి వచ్చింది. ఏమి తిన్నావని అడిగితే, పగలు పిడికెడన్నం, రాత్రి రెండు బ్రెడ్డు ముక్కలు అంది. నేను పూర్తి భోజనానికి లెక్క వేసిన ఇన్సులిన్‌ను ఆమె పథ్యం తిండి మీద వేసుకుంది. ఆ రోజు నుంచి ఎవరు వచ్చినా ముందు ఇంట్లో ఏం పెడుతున్నారు, ఎన్ని గంటలకు పెడుతున్నారు అని అడిగాకే మిగతా మాట. మీ అమ్మగారితో పథ్యం తప్పని వాదన పెట్టుకోనక్కరలేదు, పథ్యంలో ఒప్పుకునే వాటితోనే పని జరుగుతుంది. కాకపోతే దాహమైనప్పుడు నీళ్ళు ఆపవద్దని, రాత్రి పడుకునే ముందు ఇంకొకసారి తినడానికి పెట్టమని మాత్రం గట్టిగా అడగండి.

పడుకునే ముందు, అంటే తొమ్మిదిన్నర, పది మధ్యలో, నిదానంగా అరిగేది కొంత తినాలి. మన వైపు చోడి జావ ఇందుకు బాగా పనికివస్తుంది. రెండు పెద్ద చెంచాల చోడి పిండిని నీళ్ళతో ఉడికించి, అర గ్లాసు పాలు పోసి, బెల్లం వేయకుండా తాగితే ఇంచుమించు 15 నుంచి 20 గ్రాముల పిండిపదార్థం వస్తుంది. అది కాకపోతే ఒక గోధుమ రొట్టె, గ్లాసుడు పాలు. పల్లీలు, పలాస జీడిపప్పు మంచివే కానీ వాటిలో పిండిపదార్థం తక్కువ, కొవ్వు ఎక్కువ. పాలకో రొట్టెకో తోడుగా నాలుగు పలుకులు వేసుకుంటే అరుగుదల నిదానమై రాత్రి పొడవునా నిలుస్తుంది. అవే తిని లో షుగర్ తగ్గాలంటే మాత్రం తగ్గదు.

రెండున్నర పాలకు లేచినప్పుడు ముందు వేలు గుచ్చి చూడండి, ఆ తరువాతే బాబును ఎత్తుకోండి. 100 కంటే తక్కువ ఉండి 70 దాటి ఉంటే, పాలు మొదలు పెట్టేముందు గానీ ఇస్తూ గానీ 15 గ్రాముల పిండిపదార్థం ఉన్నదేదైనా తినాలి. ఒక చిన్న అరటిపండు, లేదా మూడు మేరీ బిస్కెట్లతో అర గ్లాసు పాలు, లేదా గిన్నెడు మురీలు, ఏదైనా ఒకటి. 100 నుంచి 150 మధ్య ఉంటే, ఇన్సులిన్ ఇంకా పనిచేసే వేళ కాబట్టి అర గ్లాసు పాలు చాలు. అంతకంటే ఎక్కువ ఉంటే మంచినీళ్ళు తాగి పాలివ్వండి, ప్రతి పాలకూ తినాలన్న నియమం లేదు. ఈ అంకెలు నేను చాలామంది దగ్గర వాడి చూసినవి. డోసు సరిగ్గా తగ్గాక మీకు ఈ అర్ధరాత్రి తిండి అవసరం బాగా తగ్గాలి. వారం దాటినా రోజూ రాత్రి తినక తప్పడం లేదంటే డోసు ఇంకా ఎక్కువే ఉందని అర్థం. తిండితో ఇన్సులిన్‌ను వెంబడించడం ఆపి మళ్ళీ డాక్టరుకు చెప్పాలి.

తినవలసినది మీరు కూర్చుని పాలిచ్చే చోటే, చేయి చాపితే అందేలా ఉండాలి. వంటింట్లో డబ్బాలో ఉన్న బిస్కెట్టు ఒడిలో బిడ్డ ఉన్న మనిషికి లేనట్టే లెక్క. ఒక మూతగల గిన్నె, నీళ్ళ సీసా, మీటరు, మూడు చెంచాల గ్లూకోజ్ పొడి ముందే కొలిచి కట్టిన పొట్లాలు రెండు. మంచం పక్కన స్టూలు మీద ఇవి సాయంత్రమే పెట్టించుకోండి. పొట్లం కట్టమనడం ఎందుకంటే, చేతులు వణికే వేళ చెంచాతో కొలిచే ఓపిక ఎవరికీ ఉండదు, డబ్బా ఎత్తి పోసుకుంటారు. మీ 240 అక్కడే మొదలవుతోంది.

70 కంటే తక్కువ వస్తే, లేదా పరీక్షకు వీలు లేక లక్షణాలే కనిపిస్తే, మొదట బాబును ఒడిలోంచి దించి ఉయ్యాలలో గానీ మీ అమ్మగారి చేతికి గానీ ఇవ్వండి. ఏడుస్తాడు, పది పదిహేను నిమిషాలు ఏడిస్తే ఏమీ కాదు. మీరు స్పృహ తప్పి వాడి మీద పడితే ప్రమాదం. ఒక పొట్లం అర గ్లాసు నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాలు ఆగి మళ్ళీ చూడండి. ఇంకా 70 దాటకపోతే రెండో పొట్లం. దాటితే ఒక రొట్టో, గ్లాసుడు పాలో తీసుకుని అప్పుడు పాలివ్వండి. ఆ 15 నిమిషాలు ఆగడమే కష్టం, ఎందుకంటే వణుకు, ఆకలి తగ్గడానికి షుగర్ పెరిగిన తరువాత కూడా కొంచెం సమయం పడుతుంది. అప్పుడు మీ ఆకలిని కాక మీటరును నమ్మండి. బాలింతల్లో ఇంకో చిక్కు ఉంది. నీరసం, చెమట, తల తిరగడం, చిరాకు అన్నీ నిద్ర లేక వచ్చినవనో, పచ్చి ఒంటి బడలిక అనో సరిపెట్టుకుంటారు. పాలిచ్చేటప్పుడు గానీ ఇచ్చిన గంటలో గానీ ఇవి వస్తే ముందు షుగరేనని అనుకోవాలి.

మీ అమ్మగారికి కూడా ఒక సంగతి నేర్పండి. మీరు మాట తడబడుతున్నా మింగగలిగితే గ్లూకోజ్ నీళ్ళు తాగించవచ్చు. పిలిస్తే పలకని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

షుగర్ పడిపోయినప్పుడు ఇచ్చిన పాలు బిడ్డకు చెడ్డవన్న భయం మీ ఇంట్లో ఉండి ఉంటే, అది అక్కరలేదు. పాలలోని లాక్టోజ్ మీ షుగర్ పడినంత మాత్రాన పడిపోదు. ఇన్సులిన్ కూడా బిడ్డ కడుపులో మిగతా మాంసకృత్తుల్లాగే అరిగిపోతుంది. గట్టిగా లో అయినప్పుడు శరీరం వదిలే అడ్రినలిన్ వల్ల ఆ పూటకు పాలు దిగడం కాస్త మందగించవచ్చు, అంతే.

ఇది చదివే మిగతావారికి ఒక మాట. గర్భంలో మాత్రమే షుగర్ వచ్చి, కాన్పయ్యాక మందులన్నీ ఆపేసిన వారికి ఈ లో షుగర్ బెడద సాధారణంగా ఉండదు. వారు చేయించుకోవలసినది ఆరు వారాలకు 75 గ్రాముల గ్లూకోజ్ తాగి చేసే పరీక్ష. టైప్ 2 వారు మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతుంటే పాలివ్వడానికి అడ్డం లేదు, దానితో షుగర్ అరుదుగా పడిపోతుంది. కానీ గర్భానికి ముందు వాడిన గ్లిమిపిరైడ్ కలిసిన మాత్రలు పాత చీటీ చూసి సొంతంగా మొదలు పెట్టకండి. వాటితో ఇన్సులిన్ లాగానే షుగర్ పడిపోతుంది, పాలిచ్చేటప్పుడు వాడడానికి తగినవి ఏవో డాక్టరే చెప్పాలి.

చివరిగా, ఈ రోజు కుదిరిన డోసు బాబు ఆరు నెలల వాడయ్యేసరికి కుదరదు. మధ్యలో రెండు మూడు రోజులు గంటకోసారి పాలకు ఏడ్చే దశలు వస్తాయి, ఆ రోజుల్లో షుగర్ ఎక్కువగా పడుతుంది, పరీక్షలు పెంచాలి. బాబుకు జలుబు చేసి పాలు సరిగా తాగకపోతే మీ షుగర్ పెరుగుతుంది. అన్నప్రాశన అయి ఉగ్గు, గుజ్జన్నం మొదలైతే పాలు తగ్గుతూ వస్తాయి, రాత్రి పాలు మానేసిన వారంలోనే మీ డోసు మళ్ళీ పైకి పోవలసి వస్తుంది. అప్పుడు ముందు ఆపవలసింది రెండున్నరకు తినే ఆ అరటిపండును, ఆ తరువాత పది గంటల జావను.